నవలకు 70 జీఎస్‌ఎమ్మా, 80 జీఎస్‌ఎమ్మా? కాగితం ఎంచుకునే పద్ధతి

నమస్కారమండీ. పుస్తకం అచ్చు వేయించాలని ప్రెస్సుకి వెళ్తే ముందుగా వినిపించే ప్రశ్న, "పేపరు 70 వేయమంటారా, 80 వేయమంటారా?" చాలామంది రచయితలు ఇక్కడే ఆగిపోతారు. 80 అంటే మంచిది, 70 అంటే చవక అనుకుని ఏదో ఒకటి చెప్పేస్తారు. ఈ వీడియోలో ఒక నవలను తీసుకుని, దానికి కాగితం ఎలా ఎంచుకోవాలో లెక్కలతో సహా చూద్దాం. పాఠ్యపుస్తకమైతే ఎక్కడ మారుతుందో చివర్లో చెప్తాను.

మన నవల 320 పేజీలు. డెమీ 1/8 సైజు, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదున్నర అంగుళాల ఎత్తు. లోపలంతా నలుపు అచ్చే, బొమ్మల్లేవు. వెయ్యి కాపీలు.

జీఎస్‌ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. అది బరువు మాత్రమే. కాగితం ఎంత మందమో, అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయో లేదో ఆ అంకె చెప్పదు. చదివేవాళ్లను ఇబ్బంది పెట్టేదేమో సరిగ్గా ఆ రెండోదే. అవతలి అక్షరాలు కనిపించకుండా కాగితం ఎంత అడ్డుకుంటుందో ఆ గుణాన్ని ఒపాసిటీ అంటారు, శాతంలో చెప్తారు. నా లెక్కలో ముందు ఒపాసిటీ తేల్చుకోవాలి, జీఎస్‌ఎం సంగతి ఆ తర్వాతే.

[టేబుల్ మీద నల్లగుడ్డ, పక్కన తెల్లకాగితాల బొత్తి]

ఒపాసిటీని ఇంట్లోనే చూడొచ్చు. శాంపిల్ కాగితాన్ని ఒక్కటే తీసి ఇలా నల్లగుడ్డ మీద పెట్టండి. అదే కాగితం ఇంకొకటి, అదే రకం కాగితాల మందపాటి బొత్తి మీద పెట్టండి. నల్లగుడ్డ మీదున్నది కాస్త మసగ్గా, బూడిదరంగు కలిసినట్టు కనిపిస్తోంది కదా? ఈ రెండింటి మధ్య తేడా ఎంత తక్కువైతే ఒపాసిటీ అంత ఎక్కువ. ల్యాబుల్లో యంత్రంతో కొలిచేది కూడా ఈ రెండు వెలుగుల నిష్పత్తినే. కాగితాన్ని కిటికీకి ఎదురుగా ఎత్తిపట్టి చూడొద్దు. అలా చూస్తే ఏ కాగితమైనా పలచగానే కనిపిస్తుంది, పైగా పుస్తకాన్ని ఎవరూ అలా చదవరు.

మరి రెండు మిల్లుల 70 జీఎస్‌ఎం కాగితాలకు ఒపాసిటీలో తేడా ఎందుకొస్తుంది? బజ్జీలు చుట్టి ఇచ్చిన కాగితం గుర్తు తెచ్చుకోండి. నూనె అంటిన చోట అవతలిది కనిపిస్తుంది. కాగితంలో పీచు పోగుల మధ్య గాలి ఉంటుంది. వెలుగు పీచు నుంచి గాలిలోకి, గాలి నుంచి పీచులోకి దాటే ప్రతిచోటా చెదిరిపోతుంది కాబట్టి అవతలికి చేరదు. ఆ గాలి ఉన్న చోట నూనె నిండితే వెలుగు నేరుగా దాటేస్తుంది. అలాగే మిల్లులో కాగితాన్ని నునుపు చేయడానికి రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే గాలి పోతుంది, బరువు మారకుండానే ఒపాసిటీ తగ్గుతుంది. కాల్షియం కార్బొనేట్ లాంటి పొడులు కలిపితే పెరుగుతుంది. అందుకే ముట్టుకుంటే జారిపోయేంత నునుపుగా ఉన్న కాగితం నవలకు గొప్పదని అనుకోకండి.

పుస్తకాల అచ్చుకి ఎక్కువగా వాడే మామూలు మ్యాప్‌లిథో కాగితంలో 60 జీఎస్‌ఎం సుమారు 85 శాతం, 70 దాదాపు 89, 80 అయితే 91 దగ్గర ఉంటుంది. మిల్లును బట్టి ఒకటి రెండు శాతం అటూ ఇటూ అవుతుంది. అచ్చు ఒక్కటే ఉన్న నవలకు 90కి తగ్గకుండా చూడమంటాను నేను. మిల్లు ఇచ్చే స్పెసిఫికేషన్ షీటులో ఈ అంకె ఉంటుంది. పేపరు డీలర్ని అడిగితే ఇస్తారు, మొహమాటపడక్కర్లేదు.

తెలుగుకి ఇది ఇంకాస్త ఎక్కువ అవసరం. రోమన్ లిపిలో వరుసకీ వరుసకీ మధ్య ఖాళీ చాలావరకు శుభ్రంగా ఉంటుంది. మనకి ఆ ఖాళీలో పైనుంచి ఒత్తులు దిగుతాయి, కిందనుంచి గుడులు లేస్తాయి. అవతలి పేజీ నీడ కూడా అక్కడే పడితే కన్ను తడబడుతుంది. ద-ధ, ప-ఫ లాంటి జంటల్లో తేడా అంతా కింద ఉన్న చిన్న గీతలోనే ఉంది కదా. అందుకే డీటీపీ చేసేవాళ్లకి ఒక మాట చెప్పండి: బేస్‌లైన్ గ్రిడ్ పెట్టి, ఎడమ పేజీ వరుసలూ కుడి పేజీ వరుసలూ ఒకే ఎత్తులో ఉండేలా చూడమనండి. ప్రెస్సులో ముందూ వెనకా సరిగ్గా కలిస్తే అవతలి వరుస ఇవతలి వరుస వెనకే దాక్కుంటుంది, మధ్య ఖాళీలు తెల్లగా మిగులుతాయి. రూపాయి ఖర్చు లేకుండా దొరికే లాభం ఇది. అలాగే అధ్యాయం మొదట్లో పెద్ద నల్లటి పట్టీ పెట్టాలని ఉంటే, దాని వెనక మామూలు అచ్చు రాకుండా చూసుకోండి.

ఇప్పుడు రంగు సంగతి. నవలకు నేను నేచురల్ షేడ్ వైపే మొగ్గుతాను. పేపరు షాపులో ఎన్‌ఎస్ అన్నా అర్థమవుతుంది. లేత పసుపు వెలుగును కొంత పీల్చుకుంటుంది కాబట్టి కాగితం మిరుమిట్లు గొలపదు, అదే కారణంగా ఒపాసిటీ కూడా కాస్త పెరుగుతుంది. తెల్లకాగితం అంత తెల్లగా కనిపించడానికి చాలా మిల్లులు ఆప్టికల్ బ్రైట్‌నర్లు కలుపుతాయి. అవి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని తీసుకుని నీలపు మెరుపుగా వదులుతాయి. నోట్లు పరీక్షించే నీలం లైటు కింద రెండు కాగితాలూ పెట్టి చూడండి. తెల్లది నీలంగా వెలుగుతుంది, నేచురల్ షేడ్ మామూలుగా చీకటిగానే ఉంటుంది. ఏళ్లు గడిచి, వెలుతురు తగిలిన కొద్దీ ఆ మెరుపు తగ్గిపోతుంది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, క్రీమ్‌వోవ్ అని చవకగా దొరికే కాగితం ఉంది. పేరు చూసి క్రీమ్ రంగు అనుకుని ఆర్డరివ్వకండి. అది తెలుపులోనూ వస్తుంది, మ్యాప్‌లిథోలా పైపూత ఉండదు, సిరాను ఎక్కువ పీల్చుకుంటుంది. మీకు కావాల్సింది నేచురల్ షేడ్ మ్యాప్‌లిథో, లేదా నేచురల్ షేడ్ బుక్ ప్రింటింగ్ పేపరు అని విడమరిచి చెప్పండి. రెండోది, నేచురల్ షేడ్ ఒక లాట్ నుంచి ఇంకో లాట్‌కి మారుతుంది. సగం ఫారాలు ఒక లాట్, సగం ఇంకో లాట్ అయితే మూసిన పుస్తకం అంచున చార కనిపిస్తుంది. వెయ్యి కాపీలకూ కావాల్సిన కాగితం, వేస్టేజితో సహా, ఒకే లాట్‌లో తెప్పించమనండి.

ఇక లెక్క. 23×36 అంగుళాల డబుల్ డెమీ షీటులో మన సైజు పేజీలు రెండు వైపులా కలిపి 32 వస్తాయి. 320 పేజీలకు 10 షీట్లు. వెయ్యి కాపీలకు 10,000 షీట్లు, అంటే 20 రీములు. ఈ సైజు రీము 70 జీఎస్‌ఎమ్‌లో 18.6 కిలోలు, 80లో 21.3 కిలోలు తూగుతుంది. మొత్తం మీద 70 అయితే 373 కిలోలు, 80 అయితే 426 కిలోలు, వేస్టేజి కాకుండా. తేడా 53 కిలోలు. కాగితం కిలోల్లోనే అమ్ముతారు కాబట్టి ఆ రోజు కిలో ధరతో 53ని గుణిస్తే, 80కి వెళ్లడానికి మీకు అదనంగా ఎంతవుతుందో తేలిపోతుంది.

దీనికి మూడో దారి ఒకటుంది, హైబల్క్ కాగితం. బల్క్ అంటే బరువుతో పోలిస్తే మందం ఎంత అన్నది. మామూలు మ్యాప్‌లిథో బల్క్ 1.3 అనుకుంటే 70 జీఎస్‌ఎం కాగితం మందం 91 మైక్రాన్లు. మన నవలలో 160 ఆకులు కాబట్టి లోపలి మందం పద్నాలుగున్నర మిల్లీమీటర్లు. 80 జీఎస్‌ఎం అయితే పదహారున్నర. అదే 70 జీఎస్‌ఎమ్‌లో బల్క్ 1.6 ఉన్న కాగితం తీసుకుంటే దాదాపు 18. బరువు మాత్రం 70కి ఎంతో అంతే: లోపలి కాగితం 338 గ్రాములు, 80కైతే 386. లోపల గాలి ఎక్కువ కాబట్టి ఒపాసిటీ బాగుంటుంది, పుస్తకం చేతిలో నిండుగా ఉంటుంది, పోస్టల్ ఖర్చు పెరగదు. కిలో ధర ఎక్కువే, పైన కాస్త గరుకుగా ఉంటుంది, సన్నటి ఫొటోలు దీనిమీద బాగా రావు. మన నవలలో ఫొటోలు లేవు. కాబట్టి 70 జీఎస్‌ఎం నేచురల్ షేడ్ హైబల్క్ దొరికితే అదే నా ఎంపిక. దొరక్కపోతే 80 నేచురల్ షేడ్ మ్యాప్‌లిథో. 600 పేజీల నవలైతే మాత్రం హైబల్క్ వద్దు, ఇటుకలా తయారవుతుంది.

[చిన్న డిజిటల్ త్రాసు]

చెప్పిన కాగితమే వచ్చిందా అని చూసుకోవాలంటే 10 సెంటీమీటర్ల చదరపు ముక్కలు పది కోసి తూచండి. 70 జీఎస్‌ఎం అయితే 7 గ్రాములు, 80 అయితే 8. వానాకాలం తేమకి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఆరున్నర గ్రాములే తూగితే మాత్రం అడగాల్సిందే.

అచ్చయ్యాక అవతలి అక్షరాలు కనిపిస్తుంటే తప్పు ఎక్కడుందో కూడా తేల్చొచ్చు. అచ్చయిన పేజీ మీద అదే రకం ఖాళీ కాగితం ఒకటి పరవండి. దానిలోంచి కనిపించే నీడా, అచ్చయిన ఆకు వెనకవైపు కనిపించే నీడా దాదాపు ఒకేలా ఉంటే అది కాగితం ఒపాసిటీ సమస్య. వెనకవైపు నీడే బాగా ముదురుగా ఉంటే సిరా లోపలికి దిగింది. ఇందాకటి నూనె సంగతే, సిరాలోనూ నూనె ఉంటుంది. ఆ రెండో సందర్భంలో జీఎస్‌ఎం పెంచడం ఒక్కటే సరిపోదు. సిరా తగ్గించాలి, లేదా పైపూత ఉన్న కాగితానికి మారాలి.

పాఠ్యపుస్తకానికి వస్తే నా సలహా మారుతుంది. రంగు బొమ్మలు, మ్యాపులు ఉంటే తెలుపే తీసుకోండి. నేచురల్ షేడ్ మీద నీలం కాస్త ఆకుపచ్చగా తిరుగుతుంది, బొమ్మలో తెలుపు తెలుపుగా ఉండదు. పిల్లలు పెన్నుతో రాస్తారు, పెన్సిల్‌తో రాసి రబ్బరుతో చెరుపుతారు, కాబట్టి ఇందాక చెప్పిన పైపూత, అంటే సర్ఫేస్ సైజింగ్, ఉన్న కాగితం కావాలి. మన తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో "70 జీఎస్‌ఎం ఎస్.ఎస్. మ్యాప్‌లిథో" అని అచ్చువేసి ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ ఎస్.ఎస్. అంటే సర్ఫేస్ సైజ్డ్. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో 80 జీఎస్‌ఎం అని ఉంటుంది. రంగు బొమ్మ వెనక అచ్చు ఉండే పుస్తకానికి 80 మేలు. కానీ సంచి బరువు కూడా చూడాలి: క్రౌన్ 1/4 సైజులో 200 పేజీల పుస్తకానికి 10 జీఎస్‌ఎం పెరిగితే 48 గ్రాములు పెరుగుతుంది, ఆరు పుస్తకాలకు దాదాపు 290 గ్రాములు. చిన్న తరగతులకు 70లోనే ఒపాసిటీ ఎక్కువున్న కాగితం వెతకండి.

అట్ట డిజైన్ పూర్తి చేయించే ముందు, ఎంచుకున్న కాగితంతో అచ్చు లేని డమ్మీ ఒకటి బైండింగ్ చేసి ఇమ్మనండి. పద్నాలుగున్నర మిల్లీమీటర్లకు గీసిన స్పైన్ 18 మిల్లీమీటర్ల పుస్తకానికి చుడితే, వీపు మీద ఉండాల్సిన పేరు పక్కకి జరిగిపోతుంది. డమ్మీని స్కేలుతో కొలిచి, ఆ అంకెనే డిజైనర్‌కి పంపండి.