పన్నెండు గంటల డ్యూటీకి జీతం లెక్క ఎలా?

(కార్మికుల ఫోన్-ఇన్ కార్యక్రమం. సమాధానాలు చెప్పింది కార్మిక శాఖలో పనిచేసి రిటైరైన అధికారి.)

యాంకర్: మొదటి కాలర్ ఉప్పల్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడం, నమస్తే సార్. నేను షాపింగ్ కాంప్లెక్స్‌లో సెక్యూరిటీ సార్. రాత్రి ఎనిమిదికి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగుతా. ముందు నాచారంలో గోడౌన్‌లో చేశా, అక్కడ ఓనరు మంచోడు సార్, ఇప్పుడు ఏజెన్సీ మారి...

అధికారి: తమ్ముడూ, జీతం సంగతి చెప్పు. స్లిప్ ఇస్తారా?

కాలర్: ఇస్తారు సార్. బేసిక్, డీఏ కలిపి 13,000. ఓటీ అని 3,744. మొత్తం 16,744. మా ఫీల్డ్ ఆఫీసర్ ఓటీ వేశాం కదా, ఇంకేం కావాలి అంటాడు.

అధికారి: ఓటీ ఎన్ని గంటలని రాశారు?

కాలర్: 104 సార్.

అధికారి: గంటకి 36 రూపాయలు పడ్డాయి. ఎలా తెచ్చారో చెప్తా, రాసుకో. 13,000ని 30 రోజులతో భాగించారు, 433 వచ్చింది. దాన్ని మళ్లీ పన్నెండుతో భాగించారు, 36 వచ్చింది. ఇందులో మూడు తప్పులున్నాయి. వారానికో రోజు సెలవు తీసేస్తే నెలకి 26 పనిదినాలు, కాబట్టి 26తో భాగించాలి. రోజుకి 500 వస్తుంది. రోజు పని ఎనిమిది గంటలు, పన్నెండు కాదు. 500ని ఎనిమిదితో భాగిస్తే గంటకి 62 రూపాయల 50 పైసలు. ఎనిమిది గంటలు దాటాక ప్రతి గంటకీ రెట్టింపు, అంటే 125. నీకు 36 ఇస్తున్నారు.

కాలర్: 125ఆ సార్?

అధికారి: అవును. రోజుకి నాలుగు గంటలు ఎక్కువ, నాలుగు 125లు 500. 26 రోజులకి 13,000. జీతం 13,000, ఓటీ 13,000, మొత్తం 26,000 రావాలి. కాగితం లేకపోయినా గుర్తుండే లెక్క ఇది. పన్నెండు గంటల డ్యూటీ ఒక రోజు చేస్తే రెండు రోజుల జీతం. నాలుగు గంటలు రెట్టింపు చేస్తే ఎనిమిదే కదా.

కాలర్: కానీ సార్, చేరేటప్పుడు అగ్రిమెంటులో పన్నెండు గంటలకే 13,000 అని రాసి సంతకం పెట్టించుకున్నారు. మా ఊళ్లో బామ్మర్ది కూడా అదే అంటాడు, సంతకం పెట్టాక ఏం చేస్తావని...

అధికారి: చట్టం ఇచ్చే కనీసం కంటే తక్కువకి ఒప్పుకుని సంతకం పెట్టినా అది చెల్లదు. సెక్యూరిటీ పనికి ప్రభుత్వం కనీస వేతనం ప్రకటిస్తుంది, డీఏ ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. ఆ మొత్తం ఎనిమిది గంటల రోజుకి. నీ 13,000 దానికంటే తక్కువుంటే ముందు అదే పెరగాలి, అప్పుడు ఓటీ కూడా పెరుగుతుంది.

కాలర్: సరే సార్. ఇంకోటి, పోయిన నెల రెండు ఆదివారాలు రిలీవర్ రాలేదు. నన్నే నిలబెట్టారు. రెండో ఆదివారం మా పాపకి జ్వరం సార్, ఇంట్లోంచి ఫోన్ల మీద ఫోన్లు, గేటు వదిలి వెళ్లలేక...

అధికారి: అయ్యో. బదులు ఇంకో రోజు సెలవు ఇచ్చారా?

కాలర్: లేదు సార్. నెల జీతంలోనే కలిసిందన్నారు.

అధికారి: కలవదు. వారపు సెలవు రోజు పని చేయించి, బదులు సెలవు ఇవ్వకపోతే ఆ పన్నెండు గంటలూ రెట్టింపు రేటే. పన్నెండు 125లు 1,500. రెండు ఆదివారాలకి 3,000. ఆ నెల నీకు రావాల్సింది 29,000, ఇచ్చింది 16,744. 12,256 బాకీ ఉన్నారు.

కాలర్: సార్, మరి 104 గంటలు అంటే... ఓటీ గంటకి 125 అన్నారు కదా, 62 కాదా?

అధికారి: మళ్లీ చెప్తా, పర్వాలేదు. మామూలు గంట 62న్నర. ఎనిమిది దాటాక 125. 104 గంటలకి 13,000. ఇప్పుడు వాళ్లు ఏమంటారో కూడా విను. మధ్యలో అరగంట తినే టైము తీసేయమంటారు. నిజంగా విరామం ఇస్తే అది పని గంటల్లోకి రాదు. కానీ గేటు దగ్గరే కూర్చుని ఒక చేత్తో టిఫిన్ బాక్సు, ఇంకో చేత్తో వచ్చే బండికి తాడు ఎత్తడం అయితే అది విరామం కాదని గట్టిగా చెప్పు. నీ దగ్గర రుజువు ఏముంది?

కాలర్: హాజరు రిజిస్టర్ వాళ్ల దగ్గరే ఉంటుంది సార్.

అధికారి: అందుకే ఎప్పుడూ చెప్తుంటా, సొంత నోటుబుక్ పెట్టుకోండి. తేదీ, ఎక్కిన టైము, దిగిన టైము, రిలీవర్ వచ్చాడా లేదా. రిజిస్టర్‌లో నీ పేరున్న పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకో. ఇంకో మాట, ఖాళీ వోచర్ మీద సంతకం పెట్టొద్దు. అర్జీలో ఏజెన్సీ పేరుతో పాటు కాంప్లెక్స్ యజమాని సంస్థ పేరు కూడా రాయి. ఏజెన్సీ ఎగ్గొడితే వాళ్లనీ అడగాలి. 2025 నవంబర్ 21న వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది, దావా వేయడానికి మూడేళ్ల గడువుంది. అయినా ఉద్యోగం మానేశాక చూద్దామని కూర్చోకు. అప్పటికి నోటుబుక్కులు పోతాయి, సాక్షులు పోతారు. ముందు మీ ప్రాంతం సహాయ కార్మిక అధికారిని కలువు.

యాంకర్: ధన్యవాదాలండీ. తర్వాతి కాలర్, గాజువాక.

కాలర్: సార్, ఓటీ కలిపితే నా జీతం 21,000 దాటుతోందని ఈఎస్ఐ తీసేస్తామంటున్నారు.

అధికారి: తీయకూడదు. 21,000 పరిమితి చూసేటప్పుడు ఓటీ కలపరు. చందా 0.75 శాతం పట్టుకుంటారు. పీఎఫ్‌కి ఓటీ కలపరు, ఇందాకటి లెక్కలో 13,000 మీద 12 శాతం, 1,560. ప్రొఫెషనల్ టాక్స్ 200. కార్డు వదులుకోకండి, ఇంటిల్లిపాదికీ వైద్యం దాంతోనే.

యాంకర్: థాంక్యూ. కరీంనగర్ నుంచి ఇంకొకరు.

కాలర్: సార్, రోజుకి పది గంటలు చేశారంట కదా ప్రభుత్వం? మా మేనేజరు ఓటీ రెండు గంటలే అంటున్నాడు.

అధికారి: 2025 జులైలో తెలంగాణలో వాణిజ్య సంస్థలకి వచ్చిన ఉత్తర్వు గురించి అంటున్నాడు. అందులో కూడా వారానికి 48 గంటలే. 48 దాటినదంతా ఓటీ. నువ్వు వారంలో ఆరు రోజులు పన్నెండేసి గంటలు చేస్తే 72. అందులోంచి 48 తీసేస్తే 24 గంటల ఓటీ. రోజు లెక్కేసినా నాలుగు ఆరులు 24. ఏం తగ్గలేదు. మేనేజరుకి ఆ 48 చూపించు.

కాలర్: మరి సార్, యూనిఫాం కోసం నెలనెలా...

యాంకర్: సారీ అండీ, లైన్ కట్ అయింది. చివరి కాల్, విజయవాడ.

కాలర్: అన్నా, మా ఆయన అపార్ట్‌మెంట్ దగ్గర సెక్యూరిటీ. చేతికే డబ్బులిస్తారు. రేపు వోచర్లు రాసుకుంటారంట, అంకె రాయకుండా సంతకాలు పెట్టమంటున్నారు.

అధికారి: వద్దమ్మా. ఇందాకే చెప్పా, మళ్లీ చెప్తున్నా, ఖాళీ కాగితం మీద పెట్టనివ్వకు. ఆ అంకె వాళ్లు తర్వాత రాసుకుంటారు, మీకు 26,000 ఇచ్చామని చూపిస్తారు. అంకె అక్షరాల్లో రాయించి, దాని కిందే తేదీ వేసి పెట్టమను. బ్యాంకులో వేయమని అడగండి.

కాలర్: పెట్టకపోతే రేపటినుంచి రావద్దంటారేమో అన్నా. అదే టెన్షన్.

అధికారి: నిజమే తల్లీ, ఆ భయం తేలిక కాదు. అలా అన్నా గొడవ పడొద్దను. ఇవాళ రాత్రే నోటుబుక్‌లో ఈ నెల డ్యూటీలన్నీ గుర్తున్నంత వరకు రాయించు. రేపు వోచర్ ఇస్తే ఫొటో తీయమను. ఆ రెండూ తీసుకుని కార్మిక శాఖ ఆఫీసుకి ఆయనతో నువ్వు కూడా వెళ్లు.

యాంకర్: సమయం అయిపోయింది. అందరికీ ధన్యవాదాలు.