కళింగలో చెక్కని పశ్చాత్తాపం: ఒక శాసన భాగాన్ని చదివే తీరు

అందరికీ నమస్కారం. చరిత్రలో ఒక మూలాధారం చేతికొచ్చినప్పుడు దాన్ని ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఎటు మొగ్గు చూపిస్తోంది అని అడగాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ ప్రశ్నలను నిజమైన వాక్యాల మీద ఎలా వాడాలో ఈ రోజు ఒకే ఒక్క ఉదాహరణతో చూద్దాం. అది అశోకుడి 13వ శిలాశాసనం, అంటే కళింగ యుద్ధం గురించి చెప్పేది. కర్నూలు జిల్లా యర్రగుడి బండల మీద చెక్కిన 14 శాసనాల్లో ఇదీ ఒకటి.

దాని మొదటి మాటల సారం ఇది. దేవానంపియుడు, అంటే దేవతలకు ప్రియమైనవాడు అని అశోకుడు తనకు పెట్టుకున్న బిరుదు, పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగను జయించాడు. లక్షన్నర మందిని అక్కడి నుంచి తరలించారు, లక్షమంది హతులయ్యారు, అంతకు ఎన్నో రెట్లు మంది చనిపోయారు. కళింగ చేతికొచ్చాక దేవానంపియుడికి పశ్చాత్తాపం కలిగింది.

దీన్ని చదవగానే చాలామంది "యుద్ధంలో లక్షమంది చనిపోయారు, అశోకుడు మారిపోయాడు" అని రాసేసుకుంటారు. ఇక్కడే తొందరపడకూడదు. ముందు ఎవరు మాట్లాడుతున్నారో చూడండి. గెలిచిన రాజే మాట్లాడుతున్నాడు. ఓడినవాళ్ల వైపు నుంచి ఒక్క వాక్యం కూడా మనకు మిగల్లేదు. తర్వాత ఎప్పుడు రాశారో చూడాలి. యుద్ధం ఎనిమిదో ఏటిది. ఇదే వరుసలోని 3, 4 శాసనాలు పన్నెండో ఏటి మాట చెబుతాయి, 5వది పదమూడో ఏటిది. కాబట్టి యుద్ధానికీ ఈ రాతకూ మధ్య నాలుగైదేళ్లు గడిచి ఉండాలి. పశ్చాత్తాపం ఆనాడే పుట్టి ఉండవచ్చు. కానీ మనం చదువుతున్న మాటలు మాత్రం ధమ్మ పాలన, అంటే అశోకుడు చాటిన నీతిమార్గంలో నడిచే పాలన, ఒక కొలిక్కి వచ్చాక కూర్చినవి.

అంకెల దగ్గర కాస్త ఆగాలి. మూలంలో ఉన్నది "శతసహస్రమాత్ర" అని, అంటే నూరువేల ప్రమాణం అని. లక్షన్నర కూడా "ఒకటిన్నర నూరువేలు" అనే రూపంలోనే ఉంది. ఎవరో తలలు లెక్కపెట్టి రాసుకున్న అంకె ఇలా ఉండదు. అలాగని దాన్ని అబద్ధమని కొట్టేయనూ కూడదు. "చాలా పెద్ద సంఖ్య" అని రాజు జనానికి ఏ కొలతలో చెప్పదలచుకున్నాడో ఆ మాట చెబుతుంది. మీ నోట్సులో "లక్షమంది చనిపోయారు" అని కాకుండా "లక్షమంది హతులయ్యారని అశోకుడు చెప్పుకున్నాడు" అని రాసుకోండి. క్రియను రాజు మీద పెట్టడంతో వాక్యం నిలబడుతుంది.

ఇక ఎవరి కోసం? దీనికి జవాబు శాసనంలోనే దొరుకుతుంది. ఏ పాఠంలోనైనా "ఇందుకోసమే దీన్ని రాయించాను" అనే తరహా వాక్యం ఉందేమో మొదట వెతకాలి. ఇక్కడ అది చివర్లో ఉంది. తన కొడుకులు, మునిమనవలు కొత్త విజయాల మీద ఆశ పెట్టుకోకూడదట. ఒకవేళ జయిస్తే ఓర్పు చూపి తేలికపాటి దండనతో సరిపెట్టాలట. యుద్ధమే వద్దని ఖరాఖండిగా అనలేదు చూశారా? వారసులు జయిస్తే ఎలా నడుచుకోవాలో కూడా చెప్పి ఉంచాడు.

మధ్యలో అడవి జనం గురించిన వాక్యం మరీ ముఖ్యం. తప్పు చేసినవాడిని కూడా క్షమించగలిగినంత వరకు క్షమించాలనేది దేవానంపియుడి మాట. ఆ వెంటనే తన రాజ్యంలోని అడవి జనాన్ని బుజ్జగిస్తూనే, పశ్చాత్తాపపడినా తనకు ఇంకా శక్తి ఉందని వాళ్లకు చెబుతున్నాడు, వాళ్లు తమ తప్పులకు సిగ్గుపడి చావు తప్పించుకునేందుకు. అంటే పశ్చాత్తాపమూ బెదిరింపూ ఒకే ఊపిరిలో వచ్చాయి. మొదటి పేరా చదివి పుస్తకం మూసేస్తే ఈ రెండోది మనకు తెలియదు.

ఎవరి బాధను రాజు లెక్కలోకి తీసుకున్నాడో కూడా చూడాలి. బ్రాహ్మణులు, శ్రమణులు, పెద్దలను తల్లిదండ్రులను గౌరవించే గృహస్థులు, వాళ్ల ఆప్తులు పడిన కష్టం తనను ఎక్కువ బాధించిందని చెబుతాడు. ధమ్మ పాలనలో ఆయన మెచ్చుకునే గుణాలున్నవాళ్లే ఇక్కడ దుఃఖానికి పాత్రులయ్యారు. తరలించిన లక్షన్నర మందిని తిరిగి పంపించాననే మాట ఎక్కడా లేదు, కళింగను వదిలేశాననే మాటా లేదు. రాసినదాని పక్కన రాయనిదాన్ని పెట్టి చూసినప్పుడే మొగ్గు బయటపడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతికి వద్దాం. కళింగలోనే ధౌలి, జౌగడ అనే రెండు చోట్ల అశోకుడి శిలాశాసనాలు ఉన్నాయి. వాటిలో 1 నుంచి 10 వరకు, ఆపైన 14 ఉన్నాయి. ఈ 13వది మాత్రం లేదు! ఆ యుద్ధాన్ని అనుభవించిన జనం మధ్య ఆ పశ్చాత్తాపాన్ని చెక్కించలేదు. దాని బదులు అక్కడ రెండు ప్రత్యేక శాసనాలు ఉన్నాయి, తోసలి, సమాపల్లోని అధికారులను ఉద్దేశించి. "సవే మునిసే పజా మమా", మనుషులందరూ నా బిడ్డలే అంటాడు వాటిలో. ఎవరినీ అకారణంగా బంధించవద్దని, హింసించవద్దని అధికారులను హెచ్చరిస్తాడు. తిష్య నక్షత్రం రోజున దీన్ని వినిపించాలని కూడా ఉంది. కాబట్టి శ్రోతలు చదువురానివాళ్లు కూడా.

దీన్నిబట్టి "ఓడినవాళ్ల ముందు హతుల లెక్క చెప్పడం ఇష్టంలేక తీసేశాడు" అని చాలామంది అంటారు. బలమైన ఊహే, నాకూ అదే మొగ్గు. కానీ ఊహను ఊహగానే ఉంచడానికి మూడు కారణాలున్నాయి. ఒకటి, ధౌలి, జౌగడల్లో 11, 12 కూడా లేవు, అవి యుద్ధం మాటే ఎత్తవు. అందుకే 13 ఒక్కదాన్నే ఏరి తీసేశారని చెప్పలేం. రెండు, 14వ శాసనంలో అశోకుడే చెబుతున్నాడు: కొన్ని చోట్ల సంక్షిప్తంగా, కొన్ని చోట్ల విస్తారంగా రాయించానని, స్థలాన్ని బట్టో, విషయం నచ్చకో, లిపికారుడి పొరపాటువల్లో కొన్ని అసంపూర్ణంగా ఉండవచ్చని. మూడు, కర్ణాటకలోని సన్నతి దగ్గర దొరికిన ఒక రాతిపలక మీద 12, 14తోపాటు ఆ రెండు ప్రత్యేక శాసనాలూ ఉన్నాయి. సన్నతి కళింగ కాదు. కాబట్టి ప్రత్యేక శాసనాలు కళింగకే పరిమితమన్న పాత అభిప్రాయాన్ని సడలించుకోవాలి.

మొగ్గును గుర్తించాక విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటి ఉంది. "ఇది రాజు పక్షపాతంతో రాయించింది, కాబట్టి నమ్మలేం" అని పక్కన పెట్టేస్తారు. ఏ ప్రశ్నకు అని అడగాలి. చనిపోయినవాళ్లు ఎంతమంది అన్న ప్రశ్నకు ఇది బలహీనమైన సాక్ష్యం. ఒక చక్రవర్తి తన విజయాన్ని తన వారసులకు, అధికారులకు, అడవి జనానికి ఎలా వినిపించదలచుకున్నాడు అన్న ప్రశ్నకు దీనికి మించిన సాక్ష్యం లేదు.

ఇక ఇతర ఆధారాలతో సరిచూసుకోవాలి. శ్రీలంక పాలీ వంశకథలు అశోకుడు బౌద్ధం వైపు మళ్లడానికి నిగ్రోధుడనే బాల శ్రమణుడిని కారణంగా చెబుతాయి, కళింగ యుద్ధం ఊసే ఎత్తవు. అవి భిక్షువులు కూర్చినవి, వాళ్లకు రాజును మార్చింది సంఘమే కావాలి. మరోవైపు శాసనంలో రాజును మార్చింది ఆయన సొంత మనసే. రెండూ తమ తమ శ్రోతలను బట్టి కారణాన్ని ఎంచుకున్నాయి. వాటిని కలిపి ఒకే కథగా అతికితే రెండింటిలో దేనికీ చెందని మూడో కథ తయారవుతుంది. మీ నోట్సులో రెండు గడులు విడివిడిగా ఉంచి, ప్రతి గడి పైన ఎవరి మాటో పేరు రాయండి.