వేవ్‌గైడ్‌లో కొలిచింది ఏ తరంగదైర్ఘ్యం?

(బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్న తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

మిత్రులారా, మా ప్రయోగశాలలో ఒక కుర్రాడు చేసిన లెక్కతో మొదలుపెడతాను. ఎక్స్-బ్యాండ్ బెంచి మీద స్లాటెడ్ లైన్‌లో ప్రోబును జరుపుతూ పక్కపక్కనున్న రెండు కనిష్ఠాల మధ్య దూరం కొలిచాడు. 22.25 మి.మీ. వచ్చింది. దాన్ని రెట్టింపు చేసి, కాంతి వేగాన్ని 44.5 మి.మీ.తో భాగించి, పౌనఃపున్యం 6.74 గిగాహెర్ట్జ్ అని రాశాడు. పక్కనే ఉన్న ఫ్రీక్వెన్సీ మీటరేమో 9.4 అంటోంది. కుర్రాడు మీటరును అనుమానించాడు. కొలత, మీటరు రెండూ సరైనవే. తప్పల్లా భాగహారంలో ఉంది.

ఆ వేవ్‌గైడ్ గొట్టం డబ్ల్యూఆర్-90. లోపలి వెడల్పు a 22.86 మి.మీ., ఎత్తు b 10.16 మి.మీ. లోహపు గోడను తాకే చోట, గోడకు సమాంతరంగా ఉన్న విద్యుత్ క్షేత్రం సున్నా కావాలి. అందుకే అడ్డంగా పూర్ణసంఖ్యలో అర్ధతరంగాలే ఇముడుతాయి. వెడల్పులో m, ఎత్తులో n ఇమిడితే కటాఫ్ పౌనఃపున్యం ఇది:

f_c = (c/2) √[(m/a)² + (n/b)²]

m=1, n=0 అయితే 6.56 గిగాహెర్ట్జ్. అది టీఈ10. తర్వాతి టీఈ20కి 13.11, టీఈ01కి 14.75. కాబట్టి 9.4 దగ్గర టీఈ10 ఒక్కటే నడుస్తుంది. టీఎం10 ఎందుకు లేదని పరీక్షలో తరచూ అడుగుతారు. టీఎంలో గొట్టం పొడవునా ఉండే క్షేత్రం sin(mπx/a)·sin(nπy/b) రూపంలో ఉంటుంది. n సున్నా అయితే అదంతా సున్నాయే, ఇక మోడ్ ఎక్కడిది?

కటాఫ్ కంటే తక్కువ పౌనఃపున్యం పంపితే ఏమవుతుంది? 5 గిగాహెర్ట్జ్ దగ్గర 10 సెంటీమీటర్లలోనే సంకేతం సుమారు 77 డెసిబెల్స్ పడిపోతుంది. చాలామంది ఆ శక్తి గోడల్లో వేడిగా పోయిందనుకుంటారు. కాదు. గోడలు ఆదర్శ వాహకాలైనా ఇలాగే పడిపోతుంది. శక్తి వెనక్కి తిరిగి పంపినచోటికే వస్తుంది.

మళ్లీ మన కుర్రాడి దగ్గరకు వద్దాం. టీఈ10 అంటే రెండు పక్క గోడల మధ్య ఏటవాలుగా తగిలి తగిలి సాగే రెండు సమతల తరంగాల కలయిక. ఏటవాలు తరంగాన్ని గొట్టం పొడవునా కొలిస్తే శిఖరాల మధ్య దూరం సాగినట్టు కనిపిస్తుంది. ప్రోబు చూపేది ఆ సాగిన దూరాన్నే, అంటే λ_g ని. అసలు తరంగదైర్ఘ్యం దీని నుంచి రావాలి:

1/λ² = 1/λ_g² + 1/(2a)²

44.5, 45.72 వేస్తే λ 31.9 మి.మీ. వస్తుంది. అంటే 9.4 గిగాహెర్ట్జ్.

తన లెక్క తప్పని మీటరు లేకుండానే అతనికి తెలిసి ఉండేది. నిజంగా 6.74 అయితే అది కటాఫ్‌కు ఆనుకుని ఉంటుంది. అక్కడ λ_g విపరీతంగా సాగుతుంది, నష్టమూ పెరుగుతుంది. ఈ గొట్టాన్ని 8.2 నుంచే వాడమనడానికి కారణం అదే. 6.74 దగ్గర ఒక కనిష్ఠం నుంచి మరో కనిష్ఠానికి ప్రోబును దాదాపు 10 సెంటీమీటర్లు జరపాలి. అతను జరిపింది 22 మిల్లీమీటర్లే.