పిజ్జా ట్వీట్, కుమారి ఆంటీ, షెడ్యూల్ చేసిన పోస్టు

అందరికీ నమస్కారం. ఇక్కడ ఉన్నవాళ్లలో చాలామంది సొంత వ్యాపారాలకో, క్లయింట్లకో సోషల్ మీడియా పేజీలు నడుపుతున్నారు. పొద్దున్నే ఫోన్ తెరవగానే ఏదో మీమ్ తిరుగుతుంటుంది. "మనమూ ఒకటి వేద్దామా?" అని ఓనర్ గారి మెసేజ్ కూడా అప్పటికే వచ్చి ఉంటుంది. ఆ మెసేజ్‌కి "వేద్దాం" అనాలా, "వద్దు" అనాలా? ఈరోజు నా మాటలన్నీ ఆ ఒక్క నిర్ణయం గురించే.

మనకో సామెత ఉంది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఆ చుట్ట కాల్చేవాడు దుర్మార్గుడని నేను అనుకోను. అతనికి నిప్పు ఒక్కటే కనబడింది, ఇల్లు కనబడలేదు. బ్రాండ్లు చేసే తప్పు చాలాసార్లు ఇలాంటిదే.

2014 సెప్టెంబరు 8న అమెరికాలో ఒక వీడియో బయటికి వచ్చింది. రే రైస్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు లిఫ్టులో తన కాబోయే భార్యను కొట్టి పడేసిన వీడియో అది. ఆ సంఘటన తర్వాత కూడా ఆమె అతన్నే పెళ్లి చేసుకుంది. "అంత దెబ్బ తిన్నాక ఎందుకు ఉండిపోయింది?" అని జనం అడగడం మొదలుపెట్టారు. దానికి జవాబుగా, ఇళ్లలో దెబ్బలు తిన్న ఆడవాళ్లు తామెందుకు ఉండిపోయారో #WhyIStayed అనే హ్యాష్‌ట్యాగ్‌తో రాశారు. పిల్లల కోసమని కొందరు, వెళ్లడానికి చోటు లేక కొందరు, భయంతో కొందరు.

డిజోర్నో అని ఫ్రోజెన్ పిజ్జా అమ్మే కంపెనీ ఒకటి ఉంది. వాళ్ల ట్విటర్ అకౌంట్‌కి సరదా అకౌంటని పేరు. అంతకుముందు ఏడాది, టీవీలో లైవ్‌గా వచ్చిన ఒక సంగీత నాటకం మీద వరుసగా జోకులేసి మెప్పు కూడా పొందింది. ఆ అలవాటులో ఈ హ్యాష్‌ట్యాగ్ కూడా తీసుకుని, నీ దగ్గర పిజ్జా ఉంది కాబట్టి ఉండిపోయానని అర్థం వచ్చేలా ఒక ముక్క రాసేశారు. కొద్ది నిమిషాల్లోనే తీసేశారు గానీ, అప్పటికే స్క్రీన్‌షాట్లు దేశమంతా తిరుగుతున్నాయి.

వాళ్లు చెప్పిన క్షమాపణలో ఒక నిజాయితీ ఉంది. పోస్టు చేసేముందు ఆ హ్యాష్‌ట్యాగ్ దేని గురించో చదవలేదని ఒప్పుకున్నారు. అంతే జరిగింది కూడా. "నేనెందుకు ఉండిపోయాను" అన్న మాటను ఒక్కదాన్నే చూస్తే పార్టీ గురించో, ఉద్యోగం గురించో అనిపిస్తుంది. ట్రెండ్ పేరు చూస్తే ట్రెండ్ దేని గురించో తెలియదు.

అందుకే మా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ట్విటర్‌లో, అంటే ఇప్పటి X లో, హ్యాష్‌ట్యాగ్ నొక్కగానే ముందు Top పోస్టులు వస్తాయి. ఎక్కువ లైకులు వచ్చినవి కాబట్టి వాటిలో జోకులే ఎక్కువ. మేం Latest లోకి వెళ్లి ఒక యాభై పోస్టులు చదువుతాం. ఎవరో నవ్వుతూ మొదలుపెట్టినది ఈ గంటలో ఏడుపుగా మారిందేమో అక్కడే తెలుస్తుంది. తర్వాత వెనక్కి వెళ్లి, ఇది ఎవరి నోటి నుంచి, ఎందుకు మొదలైందో వెతుకుతాం. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు కూడా లేవంటే ఆ పోస్టు మానేయడమే నయం.

చదివితే సరిపోతుందా అంటే, సరిపోదు. మన దగ్గరి సంగతే చెప్తాను. 2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ వీడియో గుర్తుందిగా? "మీది మొత్తం థౌజండ్ అయ్యింది, రెండు లివర్లు ఎక్స్‌ట్రా". దాని మీద ఎన్ని రీల్స్ వచ్చాయో లెక్కలేదు. అప్పుడు మాకు కర్రీ పాయింట్ నడిపే క్లయింట్ ఒకరు ఉండేవారు. మా డిజైనర్ సోమవారం సాయంత్రం ఒక పోస్టు తయారుచేశాడు. వాళ్ల మీల్స్ ఫోటో, పైన "మీది మొత్తం నూట యాభయ్యే, లివర్ మా తరఫున". ఓనర్‌కి తెగ నచ్చింది. బుధవారం పొద్దున పదకొండుకి షెడ్యూల్ చేశాం.

మంగళవారం ట్రాఫిక్‌కి అడ్డమని పోలీసులు ఆమె వ్యాపారం ఆపించారు. ఒక్క పూటలో మీమ్ స్వభావమే మారిపోయింది. నిన్నటిదాకా నవ్వినవాళ్లే "పేదావిడ పొట్ట కొట్టారు" అని తిట్టడం మొదలుపెట్టారు. బుధవారం ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆమెను అక్కడే అమ్ముకోనివ్వమని చెప్పారు. ఈలోగా పార్టీల అభిమానులు కూడా దిగారు. ఎన్నికల ఏడాది కదా. నవ్వు, కోపం, రాజకీయం, మూడూ మూడు రోజుల్లోనే. మా పోస్టు మాత్రం మంగళవారం రాత్రి వరకూ సోమవారం నాటి నవ్వు మీదే ఆగిపోయి, కంప్యూటర్‌లో తన టైమ్ కోసం ఎదురుచూస్తూనే ఉంది.

ఆ రాత్రి గుర్తొచ్చి తీసేశాం. ఇందులో మా తెలివేమీ లేదు. మా ఆవిడ టీవీలో వార్త చూసి "మీరేదో వేస్తామన్నారు కదా" అని అడిగింది, అంతే.

తర్వాత తీరిగ్గా చూస్తే, బండి మూయించకపోయినా ఆ పోస్టు తప్పేననిపించింది. అందులో జోకు ఎవరి మీద? "ఆమె వెయ్యి తీసుకుంటోంది, మేం నూట యాభయ్యే" అంటున్నాం. ఏసీ వేసుకుని కూర్చున్న కొట్టువాళ్లు రోడ్డు పక్కన ఎండలో నిలబడి అమ్ముకునే ఆమెను వెక్కిరించడమన్నమాట. అప్పటినుంచి నేను ఒక ప్రశ్న అడుగుతాను: ఈ మాట ఆ మనిషి ఎదుట నిలబడి అనగలమా? కుమారి ఆంటీ దగ్గరికెళ్లి ఆ మాట అనమంటే మా ఓనరూ అనలేడు, నేనూ అనలేను.

సంతోషకరమైన వార్త అయితే ఏ భయమూ లేదనుకుంటారు. మన సింధు 2021 ఆగస్టు 1న టోక్యోలో కాంస్యం గెలిచింది. ఆమెతో ఒప్పందం లేని బ్రాండ్లు చాలా ఆమె ఫోటోకి తమ లోగో తగిలించి అభినందనలు పెట్టాయి. పలువురికి ఆమె వ్యవహారాలు చూసే సంస్థ నుంచి లీగల్ నోటీసులు వెళ్లాయి. అభినందన అని మీరనుకుంటారు, అనుమతి లేని ప్రకటన అని వాళ్లంటారు. మీ ఊరి చీరల షాపు పేజీకైనా ఇదే వర్తిస్తుంది. సినిమా హీరో మీమ్‌లు వాడేటప్పుడు కొంచెం ఆలోచించండి.

అసలు దిగనే కూడదా? అలా అననండి. 2013లో అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మధ్యలో స్టేడియంలో అరగంటకు పైగా కరెంటు పోయింది. చీకట్లో కూడా బిస్కెట్ ముంచుకోవచ్చని ఓరియో ఒక్క ముక్క పెడితే ఇప్పటికీ చెప్పుకుంటారు. కరెంటు పోతే ఎవరి గుండే పగలదు. పాలల్లో ముంచుకోవడం ఆ బిస్కెట్ సొంత అలవాటు. పైగా ఓకే చెప్పాల్సిన మనుషులు, డిజైనర్ ఆ రాత్రి ఒకచోటే కూర్చుని ఉన్నారు. మన దగ్గర ఓనర్ గారు పెళ్లిలో ఉంటారు, రెండు రోజుల తర్వాత ఓకే అంటారు. అప్పటికి ట్రెండ్ ఎటు పోయిందో ఆయనకు తెలియదు. రెండు రోజుల కిందటి ఓకేని మేమిప్పుడు ఓకేగా లెక్కపెట్టం. మళ్లీ Latest చదివి, మళ్లీ అడుగుతాం.

ఇంకొకటి. ఏదైనా పెద్ద ప్రమాదం జరిగిన రోజు, ట్రెండ్‌తో సంబంధం లేని మామూలు ఆఫర్ పోస్టులు కూడా ఆపేయండి. రైలు ప్రమాదం వార్తల మధ్యలో "ఈరోజే బంపర్ ధమాకా" అని వస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకే షెడ్యూల్ ఆపే పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉండకూడదు. మా ఆఫీసులో ముగ్గురికి ఇచ్చాం. మా ఆవిడకి ఇవ్వలేదు గానీ, ఇవ్వాలేమో. ఇక మీ ప్రశ్నలు అడగండి.