చూసింది చూసినట్టే రాయండి: పత్రాల్లో పేరు, పుట్టిన తేదీ తేడాలపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఆధార్, పాన్, పాస్‌పోర్ట్, మెమో... వీటిలో పేరు ఒకలా, తేదీ ఒకలా ఉంటే ఎలా పట్టుకోవాలి, జాబితా ఎలా రాసుకోవాలి అన్నది ఈరోజు విషయం. సర్టిఫికెట్ల పరిశీలనలో చాలా ఏళ్లు పనిచేసిన మేడం మనతో ఉన్నారు. మేడం, నమస్తే.

నిపుణురాలు: నమస్తే. ముందుగా ఒక్క మాట. దయచేసి ఎవరూ లైన్లో అసలు నంబర్లు, అసలు పేర్లు చెప్పకండి. పోల్చడానికి నంబర్‌తో పనిలేదు. స్క్రీన్‌షాట్ పంపేటప్పుడు కూడా నంబర్ మీద గీత కొట్టేయండి.

యాంకర్: మొదటి కాల్. హలో?

కాలర్ (యువతి): హలో మేడం. అమ్మ ఆధార్ స్క్రీన్‌షాట్‌లోంచి పేరు ఫోన్‌లోనే కాపీ చేసి జాబితాలో పెట్టాను. ఆధార్‌లో Suvama అని తప్పు పడిందని తేలింది. కరెక్షన్ పెట్టమంటారా?

నిపుణురాలు: ఆగమ్మా, ఆగు. అసలు కార్డు చేతిలో పట్టుకుని చూశావా?

కాలర్: లేదండీ, స్క్రీన్‌షాటే.

నిపుణురాలు: అక్కడే ఉంది కిటుకు. Suvarna అని చిన్న అక్షరాల్లో ఉంటే r, n ఒకదానికొకటి అతుక్కుని m లాగా కనబడతాయి. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ అయితే మరీను. ఫోన్ దాన్ని m అనుకుని కాపీ చేసింది. కార్డులో తప్పు లేదు, నీ జాబితాలో ఉంది. బొమ్మలోంచి కాపీ చేసింది నమ్మొద్దు. పెద్దది చేసి చూడు, ఒక్కో అక్షరం చేత్తో రాయి. రాశాక చివరి అక్షరం నుంచి వెనక్కి చదువుతూ సరిచూడు. ముందు నుంచి చదివితే మనకు తెలిసిన పేరే నోటికొస్తుంది, తప్పు కనబడదు.

కాలర్: థాంక్యూ మేడం.

యాంకర్: తర్వాతి కాల్. హలో, చెప్పండి.

కాలర్ (పెద్దాయన): హలో, నమస్కారం అమ్మా. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. వాళ్లు అన్ని కాగితాలూ ఒకేలా ఉండాలన్నారు. అది అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపింది, నాన్నా నువ్వు చూడు అని. నేను రిటైరయ్యాను కదా, ఖాళీగానే ఉంటాను అనుకుంది. నిన్నంతా కూర్చున్నాను. ఎటు చూసినా తేడాలే. పుట్టిన తేదీ కూడా తప్పు పడింది. నాకు రాత్రి నిద్ర లేదు. ఏ తేదీ కరెక్టో చెప్పండి.

నిపుణురాలు: తేదీ సంగతి తర్వాత. అమ్మాయి అసలు పేరు వద్దు. మనం ఉత్తుత్తిగా వేముల లక్ష్మీ ప్రసన్న అనుకుందాం. మీ అమ్మాయి పేరుకి తగ్గట్టు మార్చి చెప్పండి. ఏయే పత్రాలున్నాయి?

కాలర్: పదో తరగతి మెమో, ఆధార్, పాన్, పాస్‌పోర్ట్. ఇంకా ఆ కంపెనీ వాళ్ల వెబ్‌సైట్‌లో నింపిన ఫారం.

నిపుణురాలు: మెమోలో ఎలా ఉంది? చూసింది చూసినట్టే చెప్పండి, సరిచేసి చెప్పకండి.

కాలర్: VEMULA LAKSHMI PRASANNA. తేదీ 12/03/1998. కింద అక్షరాల్లో కూడా ఉంది, పన్నెండు మార్చి అని.

నిపుణురాలు: బాగుంది. తేదీకి అదే మన ఆధారం అనుకుందాం, అక్షరాల్లో రాసింది కాబట్టి తారుమారయ్యే వీల్లేదు. ఆధార్?

కాలర్: Vemula Laxmi Prasanna. తేదీ అదే. ఎక్స్ వచ్చింది అమ్మా. తెలుగులో మాత్రం లక్ష్మి అని సరిగ్గానే ఉంది. తెలుగు సరిగ్గా ఉంది కదా, ఫర్వాలేదా?

నిపుణురాలు: తెలుగు వరుసతో ఇక్కడ పని జరగదండీ, పోల్చేది ఇంగ్లిషు అక్షరాలనే. KSH వేరు, X వేరు. మనకు పలకడానికి ఒకటే, కంప్యూటర్‌కి రెండు పేర్లు. ఇది నిజమైన తేడా. రాసుకోండి. మొదటి తేడా: ఆధార్, ఇంటిపేరు తర్వాతి మాట, LAKSHMI కి బదులు Laxmi.

కాలర్: రాశాను. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు కూడా రాయమంటారా?

నిపుణురాలు: అది తేడా కింద లెక్క కాదు. ఇప్పుడు పాన్.

కాలర్: పాన్ బాగుందమ్మా. VEMULA LAKSHMI PRASANNA. మెమోలో ఉన్నట్టే. హమ్మయ్య అనుకున్నాను.

నిపుణురాలు: తొందరపడకండి. పాన్ నంబర్‌లో మొదట 5 అక్షరాలుంటాయి, తర్వాత 4 అంకెలు, చివర ఇంకో అక్షరం. అయిదో అక్షరం ఏమిటి? అదొక్కటే చెప్పండి.

కాలర్: అయిదోది... P.

నిపుణురాలు: చూశారా! నాలుగో అక్షరం P అయితే వ్యక్తి అని అర్థం. అయిదోది పాన్ ఇచ్చిన రోజున చివరి పేరుగా నమోదైన దాని మొదటి అక్షరం. వేముల ఇంటిపేరుగా ఎక్కి ఉంటే V రావాలి. P వచ్చిందంటే అప్పట్లో PRASANNA ని ఇంటిపేరు గడిలో పెట్టారు. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, ఫారం ఏమో చివరి మాటని ఇంటిపేరు అనుకుంటుంది. అందుకే కార్డు మీద చూస్తే అచ్చం మెమోలాగే ఉంది, లోపల గడులు వేరు.

కాలర్: అయ్యో! అయితే పాన్ నంబరే మార్చాలా?

నిపుణురాలు: మార్చక్కర్లేదు. తర్వాత పేరు సరిచేయించినా నంబర్ అదే ఉంటుంది, అయిదో అక్షరం కూడా అలాగే ఉంటుంది. కాబట్టి అక్షరం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, అది ఆచూకీ మాత్రమే. ఆదాయపు పన్ను పోర్టల్‌లో అమ్మాయి లాగిన్ అయి ప్రొఫైల్‌లో చివరి పేరు దగ్గర ఏముందో చూడమనండి. జాబితాలో దీన్ని స్పెల్లింగ్ తేడాగా రాయకండి, గడి తేడా అని రాయండి. పేరు మొత్తం ఒకే గడిలో అడిగేచోట ఇది అడ్డురాదు. ఇంటిపేరు విడిగా అడిగితే వస్తుంది. పాస్‌పోర్ట్ చూద్దాం.

కాలర్: పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు VEMULA, పేరు LAKSHMI PRASANNA. కానీ అమ్మా, తేదీ సంగతి చెప్పనే లేదు. కంపెనీ వాళ్ల ఫారంలో 03/12/1998 అని ఉంది. డిసెంబర్ మూడు! అమ్మాయి పుట్టింది మార్చిలో, నాకు తెలియదా? ఏ తేదీ కరెక్టు?

నిపుణురాలు: చెప్తున్నానండీ. పాస్‌పోర్ట్ ఫోటో పేజీలో అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయి. ఆ స్క్రీన్‌షాట్‌లో అవి ఉన్నాయా, కోసేశారా?

కాలర్: ఉన్నాయి, కొంచెం మసకగా.

నిపుణురాలు: రెండో వరుసలో IND తర్వాత ఏముందో చదవండి. దానికి ముందున్నది మీ పాస్‌పోర్ట్ నంబర్, అది చదవకండి.

కాలర్: IND9803123F అని ఉంది. తొమ్మిది ఎనిమిది సున్నా మూడు ఒకటి రెండు మూడు ఎఫ్.

నిపుణురాలు: అందులో మొదటి ఆరు అంకెలు పుట్టిన తేదీ. ముందు సంవత్సరం 98, తర్వాత నెల 03, తర్వాత రోజు 12. ఈ వరుస ఏ దేశం పాస్‌పోర్ట్‌లో అయినా మారదు. కాబట్టి మార్చి 12.

కాలర్: మరి ఆ చివరి 3 ఏమిటి? మళ్లీ మార్చా?

నిపుణురాలు: అది సరిచూపు అంకె. యంత్రం తప్పు చదవకుండా ముందున్న ఆరు అంకెల్నీ లెక్కగట్టి వేసింది. F అంటే స్త్రీ. వాటిని వదిలేయండి.

కాలర్: అయితే కంపెనీ వాళ్లు తప్పు ఎక్కించారా? ఏ తేదీ కరెక్టమ్మా?

నిపుణురాలు: మూడోసారి అడుగుతున్నారు, టెన్షన్ పడకండి. ఆ ఫారం స్క్రీన్‌లో ఇంకేదైనా తేదీ ఉందా? చదువు పూర్తయిన తేదీ, పాస్‌పోర్ట్ ఇచ్చిన తేదీ, ఏదో ఒకటి.

కాలర్: ఉండండి... కళ్లజోడు... పాస్‌పోర్ట్ ఇచ్చింది 05/27/2019.

నిపుణురాలు: 27వ నెల ఉందా ఎక్కడైనా?

కాలర్: (నవ్వు) లేదు.

నిపుణురాలు: అంటే ఆ సైట్ నెల ముందు, రోజు తర్వాత చూపిస్తోంది. అలాంటప్పుడు 03/12/1998 అంటే మార్చి 12. తేడానే లేదు. రోజు, నెల రెండూ 12 లోపు ఉన్నప్పుడే ఈ గందరగోళం. అప్పుడు అదే స్క్రీన్‌లో 12 దాటిన అంకె ఉన్న ఇంకో తేదీ వెతకాలి. ఇకనుంచి మీ జాబితాలో తేదీని పత్రంలో ఉన్నట్టు ఒక గడిలో, పక్కన నెల పేరుతో మరో గడిలో రాయండి. 12 మార్చి 1998 అని.

కాలర్: అంటే తేదీ తప్పు లేదా అమ్మా?

నిపుణురాలు: లేదండీ. ఇప్పుడు మీ జాబితా చదవండి.

కాలర్: ఒకటి, ఆధార్‌లో Laxmi. రెండు, పాన్‌లో గడి తేడా, పోర్టల్‌లో చూడాలి. అంతేనా? నేను పదకొండు రాశాను!

నిపుణురాలు: మిగతావి పెద్ద అక్షరాలు, తేదీ వరుస, మాటల వరుస అయ్యుంటాయి. సరిచేయాల్సింది ప్రస్తుతానికి ఆధార్ ఒక్కటే. పేరు మార్చుకోవడానికి ఆధార్‌లో జీవితకాలంలో రెండు అవకాశాలే ఇస్తారు, పుట్టిన తేదీకి ఒక్కటే. ఇంతకుముందు ఎప్పుడైనా వాడారేమో అమ్మాయిని అడగండి. పాస్‌పోర్ట్ స్పెల్లింగ్‌నే చూపించి మార్పించండి. మారాక పాత స్క్రీన్‌షాట్ ఫోన్‌లోంచి తీసేసి, కొత్త ఈ-ఆధార్ దించుకోండి. లేకపోతే వచ్చే నెల మళ్లీ ఆ పాత బొమ్మే చూసి మళ్లీ Laxmi అని రాస్తారు.

కాలర్: చాలా థాంక్స్ అమ్మా. పాన్ నంబర్ మారదు కదా?

నిపుణురాలు: మారదండీ.

యాంకర్: ధన్యవాదాలు. తర్వాతి కాల్.

కాలర్: మేడం, పాత ఓటరు కార్డులో పుట్టిన తేదీ లేదు. 1-1-2008 నాటికి వయసు 24 అని మాత్రమే ఉంది. ఆధార్‌లో 15/08/1983. తేడా అని రాయాలా?

నిపుణురాలు: వయసు ఇచ్చిన చోట తేదీ రాయకండి. ఆ రోజుకి 24 నిండాయంటే 1983 జనవరి 2కి, 1984 జనవరి 1కి మధ్య పుట్టి ఉండాలి. మీది ఆ మధ్యలోనే పడింది, కాబట్టి సరిపోయింది. కొన్ని ఆధార్‌లలో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది, అక్కడా ఇంతే. ఉన్న సంవత్సరం రాయండి, మిగతా గడి ఖాళీ. జనవరి 1 అని మీరే నింపేయకండి.

కాలర్: సరే మేడం.

యాంకర్: సమయం దగ్గర పడింది, ఒక్క కాల్ త్వరగా. హలో?

కాలర్: మేడం, నా పేరు ఒకదాంట్లో SAI KUMAR అని విడిగా ఉంది, ఇంకోదాంట్లో SAIKUMAR అని కలిపి. ఇది తేడానా?

నిపుణురాలు: అక్షరాలు అవే, ఖాళీ తేడా. జాబితాలో విడిగా రాయండి, వదిలేయకండి. కొన్ని చోట్ల దాటిపోతుంది, కొన్ని చోట్ల ఆగిపోతుంది. మీకు ఎక్కడ ఆగింది?

కాలర్: ఇంకా ఎక్కడా ఇవ్వలేదండీ. పీఎఫ్‌లో మాత్రం మధ్యలో ఒక చుక్క కూడా...

యాంకర్: సారీ అండీ, టైమ్ అయిపోయింది. మేడం, థాంక్యూ.

నిపుణురాలు: ఆ చుక్క కూడా రాసుకోమనండి. చూసింది చూసినట్టే.