మిగిలిన ఇంధనం ఎవరిది?

(రికార్డింగ్ మొదలయ్యేసరికే ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు)

సునీత: ...లేదు రమణా, ఆ పులిహోర సంగతి మళ్ళీ ఎత్తకు. రికార్డ్ అవుతోంది.

రమణ: అయితే ఇంకా మంచిది, సాక్ష్యం ఉంటుంది. సరే, అందరికీ నమస్కారం. ఈ వారం ప్రాజెక్టుల్లో వచ్చే పాజిటివ్ రిస్క్‌ల గురించి. అంటే జరుగుతుందో లేదో తెలియదు, జరిగితే మనకే లాభం. వాటిని అందుకోవడానికి ఎక్స్‌ప్లాయిట్, ఎన్‌హాన్స్, షేర్, యాక్సెప్ట్ అని నాలుగు దారులున్నాయి. అక్కా, చకచకా నాలుగూ చెప్పేసి వినేవాళ్ళ మెయిళ్ళు చూద్దాం.

సునీత: చకచకా అంటే ఎలా రా? ఒక్కటి తీసుకుందాం. చంద్రయాన్-3. అందరూ ల్యాండర్ గురించే మాట్లాడతారు. దాన్ని చంద్రుడి దాకా మోసుకెళ్ళిన ప్రొపల్షన్ మాడ్యూల్ ఉంది చూడు, దాని కథ ఎవరికీ పట్టలేదు.

రమణ: మళ్ళీ శ్రీహరికోటేనా!

సునీత: విను. 2023 జూలై 14న ఎగిరింది. మాడ్యూల్‌లో దాదాపు 1,700 కిలోల ఇంధనం. ల్యాండర్‌ను చంద్రుడి చుట్టూ 100 కిలోమీటర్ల కక్ష్యకు చేర్చి వదిలెయ్యడం దాని పని. ఆ తర్వాత అక్కడే తిరుగుతూ, మీదున్న ఒక్క పరికరంతో భూమిని చూస్తూ ఉండాలి. ఆగస్టు 17న ల్యాండర్ విడిపోయింది. పని బాగా అయింది. చూస్తే ఇంకా 100 కిలోలకు పైగా ఇంధనం మిగిలి ఉంది.

రమణ: అదృష్టం.

సునీత: అదృష్టమా? రాకెట్ కాస్త అటూ ఇటూగా వదిలితే దిద్దుకోవడానికి అదనంగా పోసుకెళ్తారు. ఎల్‌వీఎమ్3 రాకెట్ చక్కగా వదిలింది, దారిలో ఇంజిన్ మండించడాలూ సరిగ్గా కుదిరాయి. దిద్దుబాటు ఖర్చు తప్పింది. నష్టం భయంతో పక్కన పెట్టిన నిల్వ, ఆ నష్టం రాకపోతే అవకాశంగా మారుతుంది. సగం పాజిటివ్ రిస్క్‌లు అలాగే పుడతాయి.

రమణ: ఒప్పుకున్నాను. కానీ మరి ఇది నాలుగింట్లో ఏది? నేనైతే యాక్సెప్ట్ అంటాను. ఇంధనం మిగలాలని ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చెయ్యలేదు. మిగిలింది, వాడుకున్నారు.

సునీత: ఎలా వాడుకున్నారో చెప్పనీ. అక్టోబర్ 9న కక్ష్య పైకొసను 150 నుంచి 5,112 కిలోమీటర్లకు లేపారు. 13న భూమివైపు మళ్ళించారు. నవంబర్ 10కి చంద్రుడి ఆకర్షణ దాటి బయటికొచ్చింది. రేపు చంద్రుడి మట్టి తెచ్చే ప్రయోగంలో తిరుగు ప్రయాణం ఇలాగే చెయ్యాలి కదా, దానికి ఇది రిహార్సల్. చంద్రుడిమీద పడకూడదు, భూమి దగ్గర 36,000 కిలోమీటర్ల ఎత్తున సమాచార ఉపగ్రహాలుండే దారిలోకీ రాకూడదు. ఇవన్నీ లెక్కేసి చేశారు. దీన్ని పట్టుకుని ఊరికే యాక్సెప్ట్ అంటావా?

రమణ: లెక్క వేసింది మిగిలాక కదా! మిగిలాక అది రిస్కే కాదక్కా. అనిశ్చితి పోయింది. చేతిలో ఉన్న సరుకు.

(కాసేపు ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు)

సునీత: ఆగు, ఆగు. అది మాత్రం నిజం. జరిగిపోయాక రిస్క్ కాదు. అయితే నీ లెక్కన ఎక్స్‌ప్లాయిట్ ఎలా ఉంటుందో నువ్వే చెప్పు.

రమణ: మొదటి రోజే “ఈ రిహార్సల్ చేసి తీరాలి” అనుకుని, దానికి సరిపడా ఇంధనం విడిగా పోసి, ప్లాన్‌లో రాసుకోవడం. ఇక మిగులుతుందా లేదా అనే ప్రశ్నే ఉండదు. అవకాశాన్ని ఖాయం చేసుకోవడం అన్నమాట. కాకపోతే బరువు పెరుగుతుంది, ఆ బరువు దేన్నుంచో కోసుకోవాలి. ఎన్‌హాన్స్ అయితే ఖాయం కాదు, జరిగే వీలు పెంచడమే.

సునీత: ఎన్‌హాన్స్‌కి మా కన్‌స్ట్రక్షన్ ఫీల్డ్‌లో మంచి ఉదాహరణ ఉంది. 1994 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లో భూకంపం వచ్చింది. శాంటా మోనికా ఫ్రీవే వంతెనలు కూలాయి. తిరిగి కట్టడానికి 140 రోజులు గడువు. ముందుగా పూర్తి చేస్తే రోజుకు రెండు లక్షల డాలర్ల బోనస్, ఆలస్యమైతే అంతే జరిమానా. రాత్రీ పగలూ పనిచేసి 66 రోజుల్లో పూర్తి చేశారు.

రమణ: బోనస్ కోటీ నలభై ఎనిమిది లక్షల డాలర్లు. కాంట్రాక్ట్ విలువ కూడా దాదాపు అంతే! మరి ఇది షేర్ కాదా? లాభంలో వాటా ఇచ్చారు కదా.

సునీత: రెండూ ఉన్నాయి. త్వరగా అయ్యే వీలు పెంచారు కాబట్టి ఎన్‌హాన్స్. త్వరగా చేయగలిగేది కాంట్రాక్టరే కాబట్టి లాభంలో అతనికి వాటా. అసలు షేర్ అంటే పీఎస్‌ఎల్‌వీ-సీ37. 2017 ఫిబ్రవరి 15. ముఖ్యమైన ఉపగ్రహం 714 కిలోలే. రాకెట్‌లో ఇంకా చోటుంది. ఆ చోటు 103 చిన్నవాటికి ఇచ్చారు, వాటిలో 101 విదేశాలవి. ఖాళీ చోటుకు విలువ తెచ్చేవాళ్ళతో పంచుకోవడం.

రమణ: సరే, నాలుగూ అయ్యాయి. ఇప్పుడు...

సునీత: ఆ అవకాశానికి ఓనర్ ఎవరు?

రమణ: వచ్చేసింది! ప్రతి ఎపిసోడ్‌లో ఈ ప్రశ్న తప్పదు.

సునీత: నవ్వు, నవ్వు. చంద్రయాన్ అయ్యాక ఇంధనం మిగిలిందని ఎవరో ఒకరు చూశారు, అడిగారు, నిర్ణయం తీసుకున్నారు. అందుకే అక్టోబర్‌లో కదిలింది. మా సైట్లో ఏం జరిగింది? స్లాబ్ వారం ముందే అయిపోయింది. అందరం సంబరపడ్డాం. కానీ బ్లాకుల లారీ పాత తేదీకే వచ్చింది. తాపీ మేస్త్రీ అప్పటిదాకా ఇంకో సైట్లో ఉన్నాడు. ఆ వారం గాలికి పోయింది.

రమణ: రిస్క్ రిజిస్టర్‌లో రాయలేదా?

సునీత: రాశారు. “ముందే పూర్తి కావచ్చు: యాక్సెప్ట్” అని. అంతే. ఎవరి పేరూ లేదు, ఏం జరిగితే కదలాలో చెప్పే ట్రిగ్గర్ లేదు. ఐదో అంతస్తు షట్టరింగ్ అనుకున్నదానికన్నా మూడు రోజులు ముందు విప్పితే సరఫరాదారుకు ఫోన్ చెయ్యాలి అని ఒక్క మాట రాసి, ఎదురుగా ఒక పేరు పెట్టి ఉంటే చాలు. కాస్త సిద్ధపడి యాక్సెప్ట్ చెయ్యడం వేరు, పట్టించుకోకుండా వదిలెయ్యడం వేరు. క్లయింటైతే చివరికి “లాభం ఎక్కడ కనిపించింది?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

రమణ: (కాసేపు ఆగి) అది బాధే.

సునీత: బాధ కాదు, కోపం.

రమణ: మా దగ్గరైతే డబ్బు మిగిలితే ఇంకా ఘోరం. మిగిలిందని చెప్తే వచ్చే ఏడాది బడ్జెట్‌లో కోస్తారు. కాబట్టి మార్చిలో ఎవరూ వాడని లైసెన్సులు కొంటారు. మిగులు కనిపించకుండా చెయ్యడమే పనిగా...

సునీత: అందుకే అంటున్నా, ఆ మిగులుకు ఓనర్ ఎవరో...

రమణ: అక్కా! మెయిళ్ళు. విజయనగరం నుంచి ఒకరు అడిగారు, ఐదోది ఎస్కలేట్ కూడా ఉంది కదా, దాన్నెందుకు వదిలేశారని.

సునీత: మన చేతిలో లేని అవకాశాన్ని పైవాళ్ళకు చెప్పడం. చెప్పేశాంగా.

రమణ: ఇప్పుడు చెప్పావు. ఇంకొకరు, “మీరిద్దరూ పులిహోర కేసు ఎప్పుడు తేలుస్తారు” అని.

సునీత: అది యాక్సెప్ట్.

రమణ: ట్రిగ్గర్ ఏంటి?

సునీత: నీ పెళ్ళి. ఇదిగో, డోర్ దగ్గర ఎవరో ఉన్నారు, ఒక్క నిమిషం...