డీఎన్ఎస్ మార్చాను, డౌన్‌లోడ్ వేగం మాత్రం మారలేదు

నమస్కారం. మొన్న ఆదివారం ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు అమ్మ ఏదో చెబుతూ చెబుతూ తెర మీద బొమ్మలా ఆగిపోయింది. పక్కనే ఉన్న తమ్ముడు ఫోన్ అందుకుని, "అక్కా, నీ రౌటర్‌లో డీఎన్ఎస్ 1.1.1.1 పెట్టుకో, స్పీడ్ రెండింతలు అవుతుందట. నువ్వు చేసి చూపిస్తే మేమూ మార్చుకుంటాం" అన్నాడు. ఈ వీడియో వాడి కోసమే. నేను నెట్‌వర్క్ పనిలోనే ఉన్నాను కనుక, విన్న మాట చెప్పకుండా నా కంప్యూటర్‌లో కొలిచి చూపిస్తాను.

మనం ఒక సైటు పేరు టైపు చేసినప్పుడు, ఆ పేరు గల సర్వర్ ఏ ఐపీ అడ్రసులో ఉందో కనుక్కునే ఏర్పాటే డీఎన్ఎస్, మన తరఫున కనుక్కుని చెప్పేదే రిజాల్వర్. మనం ఏమీ మార్చకపోతే ఆ పని నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీ రిజాల్వర్ చేస్తుంది. అందరికీ తెరిచి ఉన్నవాటిలో గూగుల్ 8.8.8.8 2009లోనూ, క్వాడ్9 వారి 9.9.9.9 2017లోనూ, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 2018లోనూ వచ్చాయి. వీటిలో ఏది వాడినా అది చెప్పేది అడ్రసు ఒక్కటే. అడ్రసు తెలిసిన మరుక్షణం నుంచి మన కంప్యూటర్, ఆ సర్వర్ నేరుగా మాట్లాడుకుంటాయి. ఫైలులోని ఒక్క బైటు కూడా రిజాల్వర్ గుండా రాదు. తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

మిగతా సగం కొలతలో ఉంది. టెర్మినల్‌లో ఈ రెండు కమాండ్లు ఇచ్చాను. మొదటిది మా రౌటర్‌ను, తద్వారా కంపెనీ రిజాల్వర్‌ను అడుగుతుంది, రెండవది నేరుగా క్లౌడ్‌ఫ్లేర్‌ను అడుగుతుంది.

```
dig example.com @192.168.1.1
dig example.com @1.1.1.1
```

జవాబు చివర `Query time` అనే వరుస కనిపిస్తుంది. ఒక్కసారి అడిగి ఆ అంకెను నమ్మకూడదు. ఆ పేరు రిజాల్వర్ దగ్గర అప్పటికే నిల్వ లేకపోతే అది తానే వెళ్లి మరికొన్ని సర్వర్లను అడిగి రావాలి కాబట్టి మొదటి అంకె పెద్దదిగా ఉండవచ్చు. అందుకే ఒక్కొక్కదాన్ని అయిదారుసార్లు అడిగాను. మా ఇంట్లో కంపెనీది 31 మిల్లీసెకన్ల దగ్గర, 1.1.1.1 11 దగ్గర నిలిచాయి. అంటే కొత్తది దాదాపు మూడు రెట్లు వేగంగా జవాబు చెబుతోంది. "మూడు రెట్లు స్పీడ్" అనే ప్రచారం ఇటువంటి అంకె నుంచే పుడుతుందని నా అనుమానం.

ఇప్పుడు ఆ లాభాన్ని డౌన్‌లోడ్ సమయంలోకి మార్చి చూద్దాం. సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్‌పై ఒక గిగాబైటు ఫైలు దిగడానికి సుమారు 80 సెకన్లు పడుతుంది. ఆ 80 సెకన్లకు ముందు అడ్రసు అడిగేది ఒకే ఒక్కసారి. అక్కడ మనకు మిగిలింది 20 మిల్లీసెకన్లు, అంటే సెకనులో యాభయ్యో వంతు. స్పీడ్ టెస్టులో ఆ మాత్రం కూడా కనిపించదు, ఎందుకంటే అడ్రసు దొరికి కనెక్షన్ కుదిరిన తర్వాతే అది లెక్క మొదలుపెడుతుంది. మార్చక ముందు నాకు 94 వచ్చింది, మార్చాక 97 వచ్చింది. అక్కడే ఆపి ఉంటే పెరిగిందని నేనూ చెప్పేదాన్ని, కానీ పది నిమిషాల తర్వాత అదే అమరికతో 92 వచ్చింది. ఆ తేడా రిజాల్వర్‌ది కాదు, గంట గంటకూ మారే రద్దీది.

అయితే పేజీలు తెరిచేటప్పుడు కొంత చురుకుదనం నిజంగానే కనిపించవచ్చు. ఒక వార్తల పేజీ బొమ్మలకు, ప్రకటనలకు, వీడియోలకు కలిపి ఇరవై ముప్పై వేర్వేరు పేర్లను అడుగుతుంది. ఒక్కొక్క పేరు దగ్గర 20 మిల్లీసెకన్లు మిగిలితే, మొదటిసారి తెరిచినప్పుడు ఆ పేజీ కొంచెం ముందుగా కదులుతుంది. అయినా బ్రౌజర్ చాలా పేర్లను ఒకేసారి అడుగుతుంది, ఒకసారి తెలుసుకున్నదాన్ని కాసేపు గుర్తుంచుకుంటుంది. కాబట్టి ఆ లాభం మొత్తంగా చేతికి రాదు.

రిజాల్వర్ మార్పు డౌన్‌లోడ్ వేగాన్ని తాకే సందర్భం ఒకటి ఉంది. పెద్ద సైట్లు ఒకే ఫైలును అనేక నగరాల్లోని సర్వర్లలో ఉంచి, అడిగినవారికి దగ్గరగా ఉన్నదాని అడ్రసు ఇస్తాయి. అయితే ఆ సైటుకు కనిపించేది మనం కాదు, మన తరఫున అడిగిన రిజాల్వర్. అది మనకు దూరంగా ఉంటే మనకూ దూరపు సర్వరే దక్కే ప్రమాదం ఉంది. దీనికి విరుగుడుగా గూగుల్ రిజాల్వర్ మన ఐపీ అడ్రసులో కొంత భాగాన్ని, ఆ ఏర్పాటు ఉన్న సైట్లకు తెలియజేస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ మన గోప్యత కోసం ఆ భాగాన్ని పంపదు. నేను ఒక డౌన్‌లోడ్ సైటు పేరును రెండింటినీ అడిగితే రెండు వేర్వేరు అడ్రసులు వచ్చాయి. వాటికి పింగ్ ఇస్తే ఒకటి 9 మిల్లీసెకన్లలో, మరొకటి 68లో పలికాయి. దూరపు సర్వర్ నుంచి ఫైలు ఊపందుకోవడానికి ఎక్కువ సమయం పట్టింది. అంటే మార్పు వల్ల వేగం తగ్గే అవకాశం కూడా ఉంది. కంపెనీ రిజాల్వరే సరిగా లేని చోట పెరిగే అవకాశమూ ఉంది. మార్చాక ఒక్క సైటు మాత్రమే నెమ్మదించిందని తోస్తే ముందుగా ఈ పరీక్ష చేయండి.

మరి నిజంగా మారేది ఏమిటంటే, మనం ఏయే పేర్లు అడుగుతున్నామో తెలిసే సంస్థ మారుతుంది, ఆ పేర్లలో వేటిని ఆపాలో నిర్ణయించే సంస్థ మారుతుంది. క్వాడ్9 హానికరమైన సైట్ల పేర్లకు అడ్రసు ఇవ్వదు. నా దృష్టిలో ఇది వేగం కన్నా మంచి కారణం. కానీ రౌటర్‌లో అంకెలు మార్చినంత మాత్రాన ప్రశ్నలు రహస్యం కావు. అవి అదే తీగ మీద బాహాటంగానే వెళతాయి, కంపెనీ చదవగలదు. వాటికి ముసుగు కావాలంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అనే చోట `one.one.one.one` అని పేరే ఇవ్వాలి. అప్పుడు కూడా మనం ఏ ఐపీ అడ్రసుకు వెళుతున్నామో కంపెనీకి కనిపిస్తూనే ఉంటుంది.

నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను. 1.1.1.1 పెట్టి రెండు రోజులు నిశ్చింతగా ఉన్నాను. మూడవ రోజు ఏ రిజాల్వర్ పేరూ ఇవ్వకుండా `dig` కొడితే, `SERVER` వరుసలో కంపెనీ ఐపీవీ6 అడ్రసు కనిపించింది. ఐపీ అడ్రసులు పాత ఐపీవీ4, కొత్త ఐపీవీ6 అని రెండు రకాలు. నేను ఐపీవీ4 గడి మాత్రమే మార్చాను, కంప్యూటర్ రెండవ దారిలో పాత రిజాల్వర్‌నే అడుగుతూ వచ్చింది. ఐపీవీ6 గడిలో `2606:4700:4700::1111` ఇచ్చిన తర్వాతే మార్పు పూర్తయింది.

ఇక అమ్మ ముఖం ఆగిపోవడం. కాల్ మొదలయ్యేటప్పుడు పేర్లు అడగడం అయిపోతుంది, మాటల మధ్యలో ఆగడానికి రిజాల్వర్ కారణం కాదు. కాల్ నడుస్తుండగా మా రౌటర్‌కే పింగ్ పెట్టి చూశాను. 2 మిల్లీసెకన్లలో రావలసిన జవాబు ఉండి ఉండి 300 దాటింది. అంటే ఇబ్బంది గోడకు అవతల ఉన్న రౌటర్‌కూ నా బల్లకూ మధ్య ఉన్న వైఫైలోనే ఉంది. ఒక కేబుల్ లాగి మళ్లీ కాల్ చేశాను. అమ్మ ముప్పావు గంట మాట్లాడింది, బొమ్మ ఒక్కసారి కూడా నిలబడలేదు. నేను "ఊఁ" అన్నది ఆమెకు చేరడానికి పట్టే ఆ కొద్ది జాప్యం మాత్రం మిగిలింది. ఫైబర్‌లో వెలుగుకు ప్రతి వెయ్యి కిలోమీటర్లకూ సుమారు 5 మిల్లీసెకన్లు పడుతుంది, మా ఇద్దరి మధ్య అటువంటి వేలు చాలానే ఉన్నాయి.